ఆదివారం ప్రాక్టీస్‌కి కెప్టెన్ ఏం రాయాలి?

‘ఆదివారం ప్రాక్టీస్ ఉంది. పొద్దున్నే అందరూ గ్రౌండ్‌కి వచ్చేయండి. కిట్ మరిచిపోవద్దు.’

హైదరాబాద్‌లో సెలవురోజుల్లో లెదర్ బాల్‌తో క్రికెట్ ఆడే జట్లు చాలా ఉన్నాయి. వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో శనివారం రాత్రి తరచూ కనిపించే మెసేజ్ ఇది. చూడటానికి ఇందులో తప్పేమీ లేదు. కానీ పొద్దున్నే అంటే ఒకరికి ఆరు గంటలు, ఇంకొకరికి ఏడున్నర. కిట్ అంటే ఎవరి కిట్, అందులో ఏమేమి ఉండాలి? గ్రౌండ్ ఫీజు ఊసే లేదు. అలాంటి మెసేజ్ పెట్టిన ఆదివారం గ్రౌండ్‌లో ఆరు బ్యాట్లు పోగవుతాయి, వికెట్లు మాత్రం రావు. తెచ్చిన ఒక్క బంతీ పొదల్లో పడితే అందరూ వెతకాల్సిందే. ఆట ముగిశాక డబ్బు లెక్క దగ్గర మొహాలు ముడుచుకుంటాయి.

మొయినాబాద్, గండిపేట వైపు ఉన్న ప్రైవేటు గ్రౌండ్లను గంటల లెక్కన అద్దెకిస్తారు. మనం ఆలస్యంగా వెళ్లినా మన స్లాట్ అనుకున్న సమయానికే అయిపోతుంది, వెనక ఇంకో జట్టు కాచుకుని ఉంటుంది. కాబట్టి కెప్టెన్ మెసేజ్ రాసే ముందు కాగితం మీద చిన్న లెక్క వేసుకోవాలి. టైమింగ్, ఫీజు, సామాను అనే మూడూ వేర్వేరు విషయాల్లా కనిపిస్తాయి కానీ ఒకదాన్ని మార్చితే మిగతా రెండూ మారతాయి. ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. మూడు గంటల స్లాట్, వస్తామన్నవాళ్లు 14 మంది, ఒకే నెట్, మ్యాట్ పరిచి ఆడే పిచ్ అనుకుందాం. ఇందులోని రూపాయలూ పేర్లూ లెక్క కోసం ఊహించుకున్నవే.

సమయం ఒకటి కాదు, మూడు

మెసేజ్‌లో ‘ఏడు గంటలకి’ అని ఒకే సమయం రాస్తే అది గేటు దగ్గరికి చేరే సమయమో, మొదటి బంతి పడే సమయమో ఎవరికీ తెలియదు. చేరాల్సిన సమయం, నెట్స్ మొదలయ్యే సమయం, గ్రౌండ్ ఖాళీ చేసే సమయం అని మూడూ విడివిడిగా రాయాలి.

ముందు చూడాల్సింది సూర్యుణ్ని. హైదరాబాద్‌లో జూన్ మొదట్లో సుమారు 5.40కే తెల్లవారుతుంది. జనవరి మధ్యలో 6.50 దాకా సూర్యుడు రాడు. అంటే గంటకు పైగా తేడా. వేసవిలో ఆరింటికి మొదలుపెట్టిన జట్టు అదే సమయాన్ని చలికాలంలో కూడా కొనసాగిస్తే, చెట్ల నీడ వెనక నుంచి వచ్చే ఎర్ర బంతి బ్యాట్స్‌మన్‌కి సరిగా కనిపించదు. 156 నుంచి 163 గ్రాముల బరువుండే గట్టి బంతిని మసక వెలుతురులో ఆడించకూడదు. చలికాలంలో మంచు కూడా ఉంటుంది. తడి గడ్డి మీద దొర్లిన లెదర్ బంతి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, దాని కుట్లు ఉబ్బుతాయి, బౌలర్ చేతిలో జారుతుంది. అందుకే జనవరిలో మొదటి అరగంట పాత బంతులతో ఫీల్డింగ్ చేయించి, ఎండ పడ్డాక మంచి బంతులు తీయాలి. వేసవిలో దీనికి తలకిందులు. ఎండ ముదరకముందే పరుగులూ ఫీల్డింగూ అయిపోవాలి.

తరవాత మ్యాట్. కొబ్బరి పీచుతో నేసిన మ్యాట్‌ని పరిచి, బిగువుగా లాగి, చుట్టూ మేకులు దిగ్గొట్టడానికి నలుగురికి పావుగంట పడుతుంది. అది వదులుగా ఉంటే ముడతల మీద పడిన బంతి ఒకసారి ఎగిరి మీదికి వస్తుంది, ఇంకోసారి నేల వెంట జారిపోతుంది. పరుగెత్తి వచ్చే బౌలర్ కాలు అందులో చిక్కుకుంటే మడమ బెణుకుతుంది. పరిచాక మ్యాట్ మీద బూటుతో గట్టిగా రాచి చూస్తే తెలిసిపోతుంది. ముడత లేచిందంటే మళ్లీ లాగాల్సిందే. అందుకని మ్యాట్ పరిచే నలుగురి పేర్లు మెసేజ్‌లో ఉండాలి, వాళ్లు మిగతావాళ్ల కంటే పది నిమిషాలు ముందు రావాలి.

ఇక నెట్స్ లెక్క. స్లాట్ 7.00 నుంచి 10.00 వరకు. మ్యాట్ పరిచే పావుగంటలో మిగతావాళ్లు ఒళ్లు వేడెక్కేలా పరుగులు తీస్తారు. 7.15 నుంచి 7.40 వరకు ఫీల్డింగ్. 7.40 నుంచి 9.40 వరకు రెండు గంటలు నెట్స్. చివరి ఇరవై నిమిషాలు మ్యాట్ చుట్టడానికి, సామాను లెక్క చూసుకోవడానికి. రెండు గంటలంటే 120 నిమిషాలు. పద్నాలుగు మందికి ఎనిమిదేసి నిమిషాల బ్యాటింగ్ ఇస్తే 112 అవుతుంది, మంచినీళ్లకి ఎనిమిది మిగులుతాయి. నలుగురు బౌలర్లు వరసగా వేస్తుంటే ఇరవై సెకన్లకొక బంతి చొప్పున ఒక్కొక్కరికి 24 బంతులు, అంటే నాలుగు ఓవర్లు ఆడే వీలుంటుంది.

ఈ లెక్క నిలబడటం ప్యాడ్ల మీద ఆధారపడి ఉంది. జట్టు దగ్గర ఒకే జత ప్యాడ్లు ఉంటే, ఒకరు ఆడి వచ్చి విప్పాలి, ఇంకొకరు కట్టుకోవాలి. ప్రతి మార్పుకీ నాలుగు నిమిషాలు పోయినా పదమూడు మార్పులకి 52 నిమిషాలు పోతాయి. అంటే రెండు గంటల నెట్స్‌లో దాదాపు సగం. చివరి నలుగురైదుగురికి బ్యాటింగే రాదు. ఒకరు ఆడుతుంటే తరవాతివాళ్లు కట్టుకుని సిద్ధంగా ఉండేలా మూడు జతలు ఉంటే ఆ నష్టం దాదాపు పోతుంది. ‘నాకు బ్యాటింగ్ రాలేదు’ అని అలిగే కుర్రాడికి అన్యాయం చేసింది తరచూ కెప్టెన్ కాదు, ఎవరూ తేని ఆ రెండో జత ప్యాడ్లు.

ఫీజు స్థిరం, మనుషులు కాదు

గ్రౌండ్‌కి కట్టాల్సింది పద్నాలుగు మంది వచ్చినా పది మంది వచ్చినా ఒకటే. జట్లలో డబ్బు తగాదాలకి అసలు కారణం ఇదే. మన ఉదాహరణలో గ్రౌండ్ అద్దె 2,800 రూపాయలు, బంతులూ నీళ్లూ కలిపి 420 అనుకుందాం. మొత్తం 3,220. పద్నాలుగు మంది పంచుకుంటే తలా 230. నలుగురు ఆఖరి నిమిషంలో మానేస్తే వచ్చిన పదిమందికి తలా 322 పడుతుంది. మాట నిలబెట్టుకుని పొద్దున్నే లేచి వచ్చినవాళ్లు 92 రూపాయలు ఎక్కువ కడతారు, ఎగ్గొట్టినవాళ్లు ఏమీ కట్టరు. ఇలా నాలుగు వారాలు జరిగితే వచ్చేవాళ్లు కూడా తగ్గుతారు. తగ్గేకొద్దీ తలా పడే వాటా పెరుగుతుంది, పెరిగేకొద్దీ ఇంకొందరు మానేస్తారు. చాలా జట్లు విడిపోయేది ఇలాగే.

అందుకని వాటాని గ్రౌండ్‌కి వచ్చినవాళ్ల మీద కాకుండా వస్తామని మాటిచ్చినవాళ్ల మీద వేయాలి. పోల్‌లో ‘వస్తాను’ అని నొక్కినవాళ్లు రాకపోయినా 230 కడతారు. రాలేకపోతే తన బదులు ఇంకొకరిని పంపొచ్చు. ఈ నియమం కఠినంగా అనిపిస్తుంది కానీ, గడువు సరిగా పెడితే ఎవరికీ అన్యాయం కాదు. గడువు ఎప్పుడనేది గ్రౌండ్ వాళ్ల షరతును బట్టి తేల్చాలి. స్లాట్ వద్దనుకుంటే శుక్రవారం రాత్రి తొమ్మిదిలోపు చెప్పాలని వాళ్లు అన్నారనుకోండి, మన పోల్ అదే రోజు సాయంత్రం ఆరింటికి మూసేయాలి. మధ్యలో ఉన్న మూడు గంటల్లో కెప్టెన్ లెక్క చూసుకుని, తేల్చనివాళ్లకి ఫోన్ చేసి, ఉంచాలో వదులుకోవాలో నిర్ణయిస్తాడు. శనివారం రాత్రి పోల్ పెట్టే కెప్టెన్ చేతిలో ఈ అవకాశం ఉండదు.

కనీసం ఎంతమంది ఉంటే స్లాట్ ఉంచుకోవాలన్నది కూడా ముందే తేల్చుకోవచ్చు. మనిషికి 300 దాటితే మోయలేమని జట్టు అనుకుందనుకోండి. 3,220ని 300తో భాగిస్తే పదిన్నరకి కొంచెం పైన వస్తుంది. కాబట్టి కనీసం పదకొండు మంది ఉండాలి. అప్పుడు తలా 293 పడుతుంది. ‘పదకొండు మంది కాకపోతే ఈ వారం లేదు’ అని మెసేజ్‌లో ముందే ఉంటే, స్లాట్ వదులుకున్నందుకు కెప్టెన్‌ని ఎవరూ తప్పుపట్టరు.

వాన సంగతీ తేల్చుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇది తప్పదు. వాన పడితే అడ్వాన్స్ ఇంకో తేదీకి మారుస్తారా, పోయినట్టేనా అని బుకింగ్ చేసేటప్పుడే అడిగి, ఆ జవాబుని మెసేజ్‌లో ఒక వాక్యంగా పెట్టాలి. గట్టి నేల మీద పరిచే మ్యాట్ పిచ్ పచ్చిక పిచ్ కంటే త్వరగా ఆటకి సిద్ధమవుతుంది. కానీ బౌలర్ పరుగెత్తే దారి బురదగా ఉంటే ఆడకూడదు. ఆ మాట ఎవరు, ఎన్ని గంటలకి ఖాయం చేస్తారో కూడా రాయాలి. లేకపోతే పద్నాలుగు మంది పద్నాలుగు సార్లు ఫోన్ చేస్తారు.

కొన్ని జట్లు వారంవారం లెక్కలు వద్దని నెలకింత అని వసూలు చేస్తాయి. క్రమం తప్పకుండా వచ్చేవాళ్లకి అది సుఖం. కానీ నైట్ షిఫ్టులు మారే ఉద్యోగులు ఉన్న జట్టులో సగం వారాలు రాలేనివాళ్లు నెల మొత్తానికి కట్టడానికి ఇష్టపడరు. పైగా కొన్ని నెలల్లో ఐదు ఆదివారాలు వస్తాయి. నెల ఫీజు నాలుగింటికా, ఐదింటికా అన్నది ముందు రాయకపోతే ఐదో ఆదివారం గొడవ మొదలవుతుంది. ఏ పద్ధతి పెట్టుకున్నా డబ్బు తీసుకునేది కెప్టెన్ కాకుండా వేరొకరైతే మంచిది. పదకొండు మందిలో ఎవర్ని ఆడించాలో తేల్చే మనిషే బాకీలు కూడా అడుగుతుంటే, జట్టులో చోటు దక్కనివాళ్లకి ఆ రెండిటికీ సంబంధం ఉందేమోనన్న అనుమానం వస్తుంది.

సామాను: ప్రతి వస్తువుకీ ఒక పేరు

సామాను మూడు రకాలు. గ్రౌండ్ వాళ్లు ఇచ్చేది, జట్టు ఉమ్మడిది, ఎవరికి వారు తెచ్చుకునేది. మొదటిదాన్ని ఫోన్‌లో అడిగి తేల్చుకోవాలి. మ్యాట్ ఇస్తాం అన్నారంటే మేకులూ సుత్తీ కూడా ఇస్తారని అర్థం కాదు. నెట్ ఉందా, వికెట్లు ఉన్నాయా, తాగే నీళ్లు ఉన్నాయా అని ఒక్కొక్కటీ పేరుపెట్టి అడగాలి. స్పైకుల బూట్లు మ్యాట్‌ని చింపేస్తాయి కాబట్టి రబ్బరు అడుగున్న బూట్లే వేసుకోవాలి. ఆ సంగతి కొత్తగా చేరినవాళ్లకి తెలియదు, అందుకే మెసేజ్‌లో ఉండాలి.

ఉమ్మడి సామానుని రెండుగా విడదీయాలి. బంతులు, వికెట్లు, మేకులు-సుత్తి లేకపోతే ప్రాక్టీస్ మొదలే కాదు. వీటికి ఒక్కొక్కదానికి ఇద్దరి పేర్లు ఉండాలి. తెచ్చేది ఒకరు, ఆయనకి జ్వరం వస్తే తెచ్చేది మరొకరు. ప్యాడ్లు, కీపర్ గ్లౌజులు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా లాంటివాటికి ఒక్కో పేరు చాలు. పేరు వేసేటప్పుడు ఆ మనిషి వచ్చే బండీ, దారీ చూడాలి. బైకు మీద వచ్చే కుర్రాడికి పెద్ద కిట్ బ్యాగ్ అప్పగిస్తే దాన్ని మోసుకురావడం ప్రమాదం. కారులో వచ్చేవాళ్లకి అది ఇచ్చి, బైకువాళ్లకి బంతులు, ఫస్ట్ ఎయిడ్ లాంటి చిన్నవి ఇవ్వాలి. అలాగని మొత్తం సామాను ఒకే కారులో పెడితే ఆ కారు పంక్చరైన రోజు అందరూ గేటు దగ్గర నిలబడాల్సి వస్తుంది. ప్రాక్టీస్ అయ్యాక వచ్చే వారం తెచ్చేవాళ్లే అక్కడే లెక్కచూసుకుని ఇంటికి తీసుకెళ్లాలి. అలా చేస్తే ఫలానా వస్తువు ఎవరింట్లో ఉందన్న వెతుకులాట ఉండదు.

బంతులు ఎన్ని? నెట్‌లో నలుగురు బౌలర్లు వేస్తుంటే ఒక్కొక్కరి చేతిలో ఒక బంతి ఉండాలి. పోయేవాటికి మరో రెండు. మొత్తం ఆరు. మ్యాట్ గరుకుకి బంతి త్వరగా అరుగుతుంది కాబట్టి కొత్తవి ఒకటి రెండు చాలు, మిగతావి పాతవే. పదమూడేళ్లలోపు పిల్లలు కూడా వచ్చి ఆడే జట్టయితే వాళ్లకి వేరే బంతి కావాలి. ఆ వయసు పిల్లల బంతి 133 నుంచి 144 గ్రాములే ఉంటుంది.

ఎవరికి వారు తెచ్చుకోవాల్సినవాటిలో రెండిటికి మినహాయింపు లేదు. ఎల్-గార్డ్, హెల్మెట్. గార్డ్ ఒకరిది ఇంకొకరు వాడకూడదు. హెల్మెట్ తలకి సరిగ్గా సరిపోవాలి, వదులైనది బంతి తగిలినప్పుడు కదిలిపోతుంది. 1998లో భారత ఆటగాడు రమణ్ లాంబా ఢాకాలో షార్ట్ లెగ్‌లో హెల్మెట్ లేకుండా నిలబడి, తలకి బంతి తగిలి చనిపోయారు. 2014 నవంబరులో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ఫిలిప్ హ్యూస్ హెల్మెట్ పెట్టుకున్నా, దాని కింద కాపు లేని మెడ దగ్గర బౌన్సర్ తగిలి రెండు రోజులకి కన్నుమూశారు. ఇద్దరూ అంతర్జాతీయ క్రికెట్ ఆడినవాళ్లు. ఆదివారం ఆటగాళ్లమైన మనకి వాళ్లకున్నంత చురుకుచూపు లేదు, పక్కన డాక్టరూ ఉండడు. కాబట్టి హెల్మెట్ లేనివాళ్లకి నెట్‌లో బ్యాటింగ్ లేదన్న వాక్యం మెసేజ్‌లో ఉండి తీరాలి. దగ్గరలో రాత్రింబవళ్లు తెరిచి ఉండే ఆసుపత్రి పేరు కూడా ఉండాలి. ఊరి బయట గ్రౌండ్‌లో దెబ్బ తగిలినప్పుడు దాన్ని వెతుక్కునే సమయం ఉండదు.

మెసేజ్ ఇలా ఉంటుంది

లెక్కలు తేలాక రాయడం కష్టం కాదు. చలికాలపు ఒక ఆదివారానికి మన ఉదాహరణ మెసేజ్:

‘అందరికీ నమస్కారం. 25-01-2026 ఆదివారం ప్రాక్టీస్.

టైమింగ్: మ్యాట్ పరిచే రవి, గోపి, ఇమ్రాన్, కిరణ్ 6.50కి గేటు దగ్గర. మిగతా అందరూ 7.00కి. ఫీల్డింగ్ 7.15. నెట్స్ 7.40 నుంచి 9.40. తలా 8 నిమిషాలు. 10.00కి గ్రౌండ్ ఖాళీ చేయాలి. 7.40 తరవాత వచ్చినవాళ్లకి బ్యాటింగ్ చివర్లో, టైం మిగిలితేనే.

ఫీజు: గ్రౌండ్ 2,800, బంతులు-నీళ్లు 420. 14 మంది అయితే తలా 230. శుక్రవారం సాయంత్రం 6లోపు పోల్‌లో చెప్పండి. వస్తానన్నవాళ్లు రాకపోయినా కట్టాలి, బదులు మనిషిని పంపొచ్చు. 11 మంది కాకపోతే స్లాట్ వదులుకుంటాం. డబ్బు శనివారం రాత్రిలోపు సురేష్‌కి పంపండి.

సామాను: బంతులు ఆరు గోపి (తేలేకపోతే రవి). వికెట్లు, బెయిల్స్ సురేష్ కారులో (తేలేకపోతే మహేష్). మేకులు, సుత్తి కిరణ్ (తేలేకపోతే ఇమ్రాన్). ప్యాడ్లు మూడు జతలు, కీపర్ గ్లౌజులు మహేష్ కారులో. ఫస్ట్ ఎయిడ్, ఐస్ రవి. మ్యాట్, నెట్, తాగే నీళ్ల క్యాన్లు గ్రౌండ్ వాళ్లవి.

ఎవరికి వారు: హెల్మెట్, ఎల్-గార్డ్, గ్లౌజులు, రబ్బరు బూట్లు. హెల్మెట్ లేకపోతే నెట్‌లో బ్యాటింగ్ లేదు. స్పైకులు వద్దు.

సామాను పేరున్నవాళ్లు శనివారం రాత్రి 8లోపు “పెట్టుకున్నా” అని రాయండి. ఏమైనా మారితే ఈ మెసేజ్‌నే మార్చి పెడతాను.’

దీంతోపాటు గ్రౌండ్ లొకేషన్, ఆసుపత్రి పేరు, వాన పడితే ఏం చేస్తామన్న వాక్యం చేర్చితే సరిపోతుంది. మొదటి మెసేజ్ బుధవారమే వెళ్లాలి, శనివారం సాయంత్రం ఒక్కసారి గుర్తుచేయాలి. ‘పెట్టుకున్నా’ అన్న చిన్న జవాబుని తప్పనిసరి చేయడం ముఖ్యం. పేరు రాసినంత మాత్రాన వస్తువు బండెక్కదు. ఆ జవాబు రాకపోతే కెప్టెన్ రాత్రి ఎనిమిదింటికే రెండో మనిషికి ఫోన్ చేయగలడు. పొద్దున ఏడింటికి గేటు దగ్గర తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

మార్పులు చేసేటప్పుడు కొత్తగా నాలుగు ముక్కలు విడివిడిగా పెట్టకూడదు. మధ్యలో వచ్చే గుడ్ మార్నింగ్‌లూ వీడియోలూ వాటిని కిందికి తోసేస్తాయి, కొందరు పాతది చదివి వస్తారు. మొత్తం మెసేజ్‌ని సరిదిద్ది మళ్లీ పెట్టి, గ్రూపులో పైన పిన్ చేయాలి. పద్నాలుగు మంది ఒప్పుకుని పదిహేనో మనిషి చెప్పకుండా వస్తే రావొద్దనక్కర్లేదు. అతనికి చివర్లో బ్యాటింగ్ ఇచ్చి, అతని 230ని బంతుల నిధిలో వేస్తే ఎవరి వాటాలూ తిరగరాయక్కర్లేదు.

మెసేజ్ పనిచేసిందో లేదో రెండు గుర్తులతో తెలుస్తుంది. పెట్టాక గ్రూపులో ‘ఎన్నింటికి అన్నా?’, ‘ఎంత పంపాలి?’, ‘వికెట్లు ఎవరి దగ్గరున్నాయి?’ అన్న ప్రశ్నలు ఎన్ని వచ్చాయో చూడండి. ఒకే ప్రశ్న ఇద్దరు అడిగారంటే ఆ వాక్యం మెసేజ్‌లో లేదని, లేదా దొరకని చోట ఉందని అర్థం. రెండోది, నెట్స్‌లో మొదటి బంతి పడిన సమయం. 7.40 అని రాసి 8.05కి మొదలైతే, పోయిన ఆ 25 నిమిషాలు దేనివల్ల పోయాయో ఆ రోజే కనుక్కోవాలి. మ్యాట్ దగ్గరా, ప్యాడ్ల దగ్గరా, ఎవరి కోసమో ఎదురుచూపు దగ్గరా? వచ్చే వారం మెసేజ్‌లో ఆ ఒక్క వాక్యం మారాలి.

జట్టుకి కెప్టెన్ అయినవాళ్లకి చెప్పేదొకటే. ఈ బుధవారం మెసేజ్ రాసే ముందు మూడు ఫోన్లు చేయండి. గ్రౌండ్ వాళ్లకి, డబ్బు చూసేవాళ్లకి, కిట్ బ్యాగ్ ఎవరింట్లో ఉందో వాళ్లకి. తరవాత గంటలు, రూపాయలు, పేర్లు రాయండి. ఆటగాళ్లయినవాళ్లు కూడా పోల్‌లో ‘వస్తాను’ అని నొక్కేముందు ఒక్క నిమిషం ఆలోచించండి. మీరు నొక్కిన ఆ బటన్‌ని నమ్మే మిగతా పదమూడు మంది తమ వాటా లెక్కవేసుకుంటారు.